గండుపిల్లి నోరు తెరిచి చూసే వాసన

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా గండుపిల్లికి రెండేళ్లు. మా వారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొస్తారు. ఆయన బ్యాగు కింద పెట్టగానే ఇది వచ్చి అడుగున వాసన చూస్తుంది. తర్వాత నోరు తెరిచి, ముక్కు ముడిచి, కళ్లు సగం మూసుకుని కదలకుండా నిలబడిపోతుంది. కంపుకి అసహ్యించుకుంటోందని మా వారు, పంటినొప్పని మా అత్తగారు, పిచ్చి పట్టిందేమో జాగ్రత్త అని పక్కింటావిడ అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. పైగా నెల రోజులుగా ఆ బ్యాగు మీదా, దాన్ని పెట్టే గోడ మూలలోనూ తోకెత్తి చిమ్ముతోంది. ఫినాయిల్ వేసి కడిగినా మళ్లీ అక్కడే. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు మీ టెన్షన్ తీరుస్తాను. ఇది పిచ్చి, అంటే రేబీస్ కాదు, పంటినొప్పీ కాదు, మీ వారి బ్యాగు మీద అసహ్యం అంతకన్నా కాదు. ఆ బ్యాగు మీద ఎక్కడో ఇంకో పిల్లి మూత్రం పడింది. దాన్ని మీవాడు పరీక్ష చేస్తున్నాడు. ఆ పనికి వాడి మామూలు ముక్కు చాలదు. అంగిలి పైన పిల్లికి ఇంకో ముక్కు ఉంది, నోరు తెరిచేది దానికోసమే. ఈ చేష్టను పశువైద్యంలో ఫ్లేమెన్ అంటారు.

మీ వైపు సంతల్లో పోతుమేకల్ని చూసే ఉంటారు. ఆడమేక మూత్రం పోయగానే పోతు అందులో మూతి పెట్టి, తల పైకెత్తి, పైపెదవి వెనక్కి మడిచి కాసేపు అలాగే ఉండిపోతుంది. దున్నపోతూ అంతే, మగ గుర్రమూ అంతే. మీ పిల్లి చేస్తున్నది సరిగ్గా అదే పని. కాకపోతే పిల్లి పెదవి పొట్టిది, మేకకు మడిచినంతగా మడవడానికి రాదు. అందుకని పైపెదవిని కొంచెం లాగి నోరు తెరుస్తుంది. ముక్కు మీద ముడతలు పడతాయి. మనుషులు మొహం అలా పెడితే రోత పుట్టినట్టే లెక్క కాబట్టి మీ వారికి అలా అనిపించింది. నిజానికి అసహ్యమేసిన పిల్లి అక్కడ నిలబడదు, వెనక్కి తగ్గి వెళ్లిపోతుంది. ఒక్కోసారి కాలితో నేల గోకి దాన్ని కప్పేసే ప్రయత్నం చేస్తుంది. మీవాడు నిలబడి మళ్లీ మళ్లీ చూస్తున్నాడంటే వాడికి అందులో పనికొచ్చే కబురేదో ఉంది.

పిల్లికి రెండు ముక్కులెందుకో తెలియాలంటే మొదటిది ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి. పిల్లి పీల్చిన గాలి లోపల రెండు పాయలవుతుంది. ఒకటి కింది దారిన నెమ్మదిగా సాగుతూ తడిసి, వెచ్చబడి, దుమ్ము వదిలించుకుని ఊపిరితిత్తులకు పోతుంది. రెండోది ముక్కు పైభాగం వెంట వేగంగా వెనక్కి వెళ్లి, చుట్టలు చుట్టలుగా ఉన్న పల్చటి ఎముకల మధ్య తిరుగుతుంది. వాసన పట్టే పొర ఉండేది ఆ చుట్టల మీదే. మనకు ఆ పొర సుమారు 5 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. మన గుప్పిట్లో పట్టే తల ఉన్న పిల్లికి సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. 2023లో అమెరికాలోని ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లి ముక్కును స్కాన్ చేసి, కంప్యూటర్లో అచ్చం అలాంటిదే కట్టి, అందులో గాలి ఎలా పారుతుందో లెక్క వేశారు. అదే తలలో తిన్నటి గొట్టంలాంటి ముక్కు ఉంటే ఎంత వాసన పట్టేదో దానికంటే 100 రెట్లకు పైగా సమర్థంగా ఈ చుట్టల ముక్కు పనిచేస్తోందని తేలింది.

అంత మంచి ముక్కుకూ ఒక హద్దుంది. గాలిలో తేలి వచ్చినదే దానికి అందుతుంది. చేప వాసన, పాల వాసన, గేటు దగ్గర మీ వారి వాసన, ఇవన్నీ తేలికైన అణువులు, ఆవిరై వస్తాయి. కానీ ఒక పిల్లి ఇంకో పిల్లికోసం వదిలే గుర్తుల్లో కొన్ని బరువైన అణువులు. అవి పడ్డ చోటే అంటుకుని ఉంటాయి. ముక్కు ఆనించాలి, నాలుకతో తాకాలి, తడి చేసి లోపలికి తీసుకోవాలి. ఈ పనంతా రెండో ముక్కుది.

దాని పేరు జాకబ్సన్ అవయవం. 1813లో జాకబ్సన్ అనే డెన్మార్క్ వైద్యుడు జంతువుల్లో దీన్ని వివరంగా వర్ణించాడు కాబట్టి ఆ పేరు. మీ పిల్లి ఆవులించినప్పుడు ఒకసారి దాని అంగిలి వైపు చూడండి. పైన ముందు ఆరు బుల్లి పళ్లుంటాయి. వాటి వెనకే నడిమధ్యన ఒక చిన్న బుడిపె కనపడుతుంది. ఆ బుడిపెకు అటూ ఇటూ రెండు సన్నటి చీలికలున్నాయి. ఒక్కో చీలిక నుంచి ఒక్కో సన్నటి కాలువ పైకి, ముక్కులోకి పోతుంది. ఆ దారిలోనే జాకబ్సన్ అవయవం తెరుచుకుంటుంది. అది ముక్కు నడిమి గోడ అడుగున, ఎడమకొకటి కుడికొకటి పడుకుని ఉండే రెండు గొట్టాలు. వెనక వైపు మూసుకుపోయి ఉంటాయి, లోపల తడి ఉంటుంది. ఇదంతా చూడాలని పిల్లి నోరు మాత్రం బలవంతంగా తెరవకండి. ఆవులింత కోసం ఆగండి, పిల్లి రోజుకు ఎన్నోసార్లు ఆవులిస్తుంది.

వెనక మూసుకున్న గొట్టంలోకి గాలి పీలిస్తే ఏమీ రాదు. అందుకే ఫ్లేమెన్‌లో పిల్లి ఊపిరి తీస్తున్నట్టు కనిపించదు. గొట్టం పక్కనే రక్తనాళాలున్నాయి. అవి కుంచించుకుంటే గొట్టం లోపలి ఖాళీ పెరిగి, చీలిక దగ్గరున్న తడి లోపలికి లాక్కోబడుతుంది. రక్తం నిండి అవి ఉబ్బితే ఆ తడి బయటికి పోతుంది. చుక్కలమందు సీసాకుండే రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే మందు ఎలా పైకెక్కుతుందో ఇదీ అలాగే. ఈ పంపు నడవాలంటే ముందుగా ఆ మూత్రపు తడి కొంచెం బుడిపె దాకా రావాలి. దాన్ని చేరవేసేది నాలుక.

మీవాడు ఈసారి అలా చేసేటప్పుడు పక్కన కూర్చుని గమనించండి. మొదట మామూలుగానే వాసన చూస్తాడు, ముక్కుపుటాలు గబగబా కదులుతాయి. తర్వాత ఒకే చోట ఆగి, ముక్కు కొసను బట్టకు ఆనిస్తాడు. కొన్నిసార్లు ఒక నాకు నాకుతాడు. తర్వాత తల కొద్దిగా ఎత్తుతాడు. అప్పుడు పైపెదవి లేస్తుంది, నోరు కొంచెం తెరుచుకుంటుంది, కళ్లు సగం పడతాయి, చూపు ఎక్కడా నిలవదు. పేరు పెట్టి పిలిచినా చెవి తిప్పకపోవచ్చు. నాలుక కొస పైపళ్ల వెనక్కి వెళ్లి బుడిపెను తాకడం బాగా దగ్గర్నుంచి చూస్తే కనపడుతుంది. పొట్ట ఎగిరిపడదు, చొంగ కారదు, గొంతులో ఏ శబ్దమూ ఉండదు. కొన్ని సెకన్లలో నోరు మూసుకుని, ముక్కు నాక్కుని, మళ్లీ అదే చోట వాసన చూస్తాడు, లేదా వెళ్లిపోతాడు. ఇది ఫ్లేమెనే అని పోల్చుకోవడానికి ఆ చివర్లో ముక్కు నాక్కోవడం నాకు మంచి ఆనవాలు. ఎవరైనా వీడియో పంపితే నేను ముందు చూసేది దాన్నే.

ఇలా లోపలికి చేరిన కబురు మామూలు వాసనలు వెళ్లే చోటికి వెళ్లదు. దానికి మెదడులో వేరే గది ఉంది. అక్కడి నుంచి అది నేరుగా జోడు కోసం వెతకడం, నా చోటు అనుకోవడం, భయం, కోపం, ఇలాంటివి నడిపే భాగాలకు అందుతుంది. అందుకే ఫ్లేమెన్ అయిన వెంటనే పిల్లి తీరు మారిపోతుంది. మనుషుల్లో ఈ అవయవం పనిచేయదు, దానికి కావాల్సిన జన్యువులు మనలో ఎప్పుడో పాడైపోయాయి. కుక్కకు ఈ అవయవం ఉన్నా, అందులో ఈ గుర్తుల్ని పసిగట్టే గ్రాహకాల్లో ఒక ముఖ్యమైన జాతివి పది రకాల లోపే. పిల్లిలో అవి ఇరవై రకాల పైనే. మామూలు వాసన పసిగట్టడంలో కుక్కదే పైచేయి కావచ్చు గానీ, సొంత జాతివాళ్ల గుర్తుల్లోని తేడాలు పట్టడంలో పిల్లిని తక్కువ చేయకూడదు.

అన్నానికి, పాలకు మీవాడు ఇలా చేయడు. చేయాల్సిన అవసరమూ లేదు, అవి మొదటి ముక్కుతోనే తేలిపోతాయి. వేరే పిల్లి మూత్రం, అది పడుకున్న గోనె, ఒక్కోసారి మన చెమట పట్టిన సాక్సు, చంకల దగ్గర చొక్కా, ఇలాంటి వాటికి నోరు తెరుస్తాడు. ఆడపిల్లులూ చేస్తాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవీ చేస్తాయి. ఎక్కువగా చేసేవి మాత్రం ఆపరేషన్ కాని గండుపిల్లులే. పిల్లకూనలకు ఐదారు వారాలు నిండాక ఈ విద్య వస్తుంది.

ఇక్కడ ఒక మాట, చాలామంది అడుగుతారు కాబట్టి. మీ పెరట్లో కుప్పింటాకు మొక్క పీకినప్పుడు దాని వేరు దగ్గర పిల్లి చేరి, నమిలి, దాని మీద పడి దొర్లడం చూసి ఉంటారు. అది ఫ్లేమెన్ కాదు. ఆ వేరులోని వాసన ఆవిరై మామూలు ముక్కులోకే పోయి మత్తెక్కిస్తుంది. నోరు తెరిచి నిలబడటం ఒకటి, దొర్లడం వేరొకటి, దారులు కూడా వేరు.

ఇప్పుడు మీ బ్యాగు దగ్గరికి వద్దాం. మీ వారిని ఒక్క ప్రశ్న అడగండి: పర్లాకిమిడిలో ఆ బ్యాగు ఎక్కడ పెడతారు? గది బయట వరండాలోనో, మెట్ల కిందో నేల మీద పెట్టే అలవాటుంటే జరిగిందేమిటో నాకు దాదాపు తెలిసిపోయినట్టే. ఆ వీధి గండుపిల్లి ఆ దారిన తిరుగుతూ, తన దారిలో నిటారుగా కనపడ్డ కొత్త వస్తువు మీద వెనక్కి తిరిగి చిమ్మింది. బ్యాగు, స్కూటర్ చక్రం, తలుపు వార, ఇవన్నీ దానికి ఒకటే. మీ వారికి ఆ రోజు వాసన తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. గండుపిల్లి మూత్రంలో ఫెలినైన్ అని ఒక పదార్థం ఉంటుంది, గంధకం ఉన్నది. దాన్ని తయారుచేయడానికి మూత్రపిండాల్లో పుట్టే ఒక ప్రత్యేక మాంసకృత్తు సాయం చేస్తుంది. 2006లో జపాన్‌లోని ఇవాటె యూనివర్సిటీ పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. తాజాగా ఉన్నప్పుడు ఫెలినైన్‌కు వాసనే లేదు. గంటలు, రోజులు గడిచేకొద్దీ అది నెమ్మదిగా విరిగి, గంధకం ఘాటున్న వాసనల్ని వదులుతుంది. ఆపరేషన్ కాని మగపిల్లిలో ఇది ఆడపిల్లిలో కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. దానికి ముడిసరుకు మాంసకృత్తుల నుంచే రావాలి కాబట్టి చేపా మాంసమూ బాగా దొరికే గండుపిల్లి వాసన మరీ ఘాటు. అంటే చిమ్మిన రోజు కంటే, బస్సులో ఎండకు వేడెక్కి మీ ఇంటికి చేరేసరికి ఆ బ్యాగు ఇంకా ఎక్కువ వాసనేస్తుంది. మీకు అది ఏదో ముక్కిపోయిన కంపులా తగులుతుంది. మీవాడికి మాత్రం మగదా ఆడదా, తెలిసిన పిల్లా కొత్తదా, ఈ మధ్యే వచ్చిందా, ఇన్ని విషయాలు తెలుస్తాయి. తెలియని పిల్లి మూత్రం దగ్గర పిల్లులు ఎక్కువ సేపు ఆగుతాయన్నది పరిశీలనల్లో తేలినదే.

మీ ఇంట్లో ఇంకో మగపిల్లి అడుగు పెట్టలేదు. కానీ మీవాడి రెండో ముక్కు మెదడుకు చెప్పింది మాత్రం అదే, ప్రతి వారం. రెండేళ్ల గండుపిల్లి దానికి ఇచ్చే జవాబు చిమ్మడం. అలిగో, మీ వారి మీద కోపంతోనో చేసింది కాదు, కొట్టకండి. కొడితే భయం కలుస్తుంది, భయపడ్డ పిల్లి ఇంకా ఎక్కువ చిమ్ముతుంది.

ఫినాయిల్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి, దయచేసి ఇక ఆ మూలలో వాడకండి. ఒకటి, అది మన ముక్కుకు వాసన కప్పేస్తుంది గానీ గోడలో ఇంకిన మూత్రాన్ని తీయదు. నాలుగు రోజుల్లో ఫినాయిల్ ఘాటు తగ్గాక కింద ఉన్నది బయటపడుతుంది. మీవాడు తన గుర్తు చెరిగిపోతోందనుకుని మళ్లీ వేస్తాడు. రెండోది అసలైన ప్రమాదం. ఫినాల్ జాతి రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనిషికీ కుక్కకూ పెద్దగా హాని చేయనంత మోతాదు కూడా పిల్లికి విషమవుతుంది. ఫ్లేమెన్ చేసే పిల్లి ఆ చోట ముక్కూ నాలుకా ఆనిస్తుందని ఇప్పుడే చెప్పుకున్నాం కదా, అంటే కడిగిన మందు నేరుగా నోట్లోకే పోతుంది. నేల తొక్కి పాదాలు నాక్కున్నా పోతుంది. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే లోషన్లలో చాలావాటితో ఇదే ఇబ్బంది. చొంగ కారుతున్నా, తూలుతున్నా, నోట్లో కానీ పాదాల కింద కానీ ఎర్రగా పుండు పడినా పాదాలు నీళ్లతో కడిగి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి కళ్లూ గొంతూ మండించే గాలి వస్తుంది.

మరి ఎలా కడగాలి? ముందు ఎక్కడెక్కడ పడిందో కనిపెట్టండి. నోట్లు దొంగవో కాదో చూసే నీలిరంగు లైటు కిరాణా కొట్లలో ఉంటుంది. చీకటి చేసి దాన్ని గోడ మీదా బ్యాగు మీదా వేస్తే ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. నేల నుంచి జానెడు ఎత్తు దాకా, అక్కడి నుంచి కిందికి కారిన చారలు వెతకండి. సబ్బుపొడి మరకలు కూడా ఈ లైటుకు తెల్లగా, నీలంగా మెరుస్తాయి, వాటిని చూసి కంగారుపడకండి. అనుమానమున్న చోట ముక్కు పెట్టి చూస్తే తేలిపోతుంది.

తర్వాత చన్నీళ్లతో తడిపి, పాత గుడ్డతో అద్ది తీయండి. వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గడ్డకట్టి అక్కడే పట్టేస్తాయి. అప్పుడు ఎంజైములున్న బట్టల సబ్బుపొడి, ప్యాకెట్ మీద ఆ మాట రాసి ఉంటుంది, ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్లలో కలిపి ఆ చోటంతా బాగా నానేలా పట్టించండి. ఎంజైములకు టైమివ్వాలి, పది పదిహేను నిమిషాలు తడి ఆరకుండా చూడండి. శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ఇంజెక్షన్ వేసేముందు రాసే సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దండి, అది జిడ్డు భాగాన్ని తీస్తుంది. స్పిరిట్ వాడేటప్పుడు పొయ్యి ఆర్పి, కిటికీ తీసి, అది పూర్తిగా ఎగిరిపోయేదాకా పిల్లిని, పిల్లల్ని వేరే గదిలో ఉంచండి. సున్నం వేసిన గోడైతే లోపలికి ఇంకి ఉంటుంది, ఒకసారితో పోదు, వారంలో రెండు మూడుసార్లు చేయాలి. బ్యాగు గుడ్డదైతే బట్టల్లాగే ఎంజైము పొడిలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. అట్ట అడుగున్న బ్యాగైతే ఆ అట్ట తీసి పారేయండి, మూత్రం దాచుకునేది అదే.

కడిగి ఆరిన చోట చేయాల్సిన పని ఇంకోటుంది, ఖర్చులేనిది. పిల్లికి బుగ్గల మీదా గడ్డం కిందా వాసన గ్రంథులుంటాయి. అది మీ కాళ్లకూ తలుపులకూ మొహం రాసేది వాటితోనే. మొహం రాసి తనదనుకున్న చోట పిల్లి సాధారణంగా చిమ్మదు. అందుకని మెత్తటి నూలు గుడ్డతో, వాడు ముద్దుగా ఉన్న సమయం చూసి, బుగ్గలూ గడ్డం తుడిచి, అదే గుడ్డను కడిగిన మూలకు, బ్యాగు పక్కలకు రుద్దండి. రోజుకోసారి, కొన్నాళ్లపాటు. వాడు వచ్చి తన బుగ్గ వాడే రాయడం మొదలుపెట్టాడంటే పని జరుగుతున్నట్టు.

అసలు మందు మాత్రం ఆపరేషన్. వృషణాలు తీయించేస్తే పదింట తొమ్మిది గండుపిల్లులు చిమ్మడం మానేస్తాయి, కొన్ని వెంటనే, కొన్ని నెలల మీద. మూత్రంలో ఫెలినైన్ కూడా బాగా తగ్గిపోతుంది, అంటే ఒకవేళ పోసినా ఇంత కంపు ఉండదు. ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు పాత హార్మోన్ ఒంట్లో ఉంటుంది, అప్పుడే పనిచేయలేదని నిరాశ పడకండి. మత్తు ఇవ్వాలి కాబట్టి ముందురోజు ఎప్పటి నుంచి అన్నం పెట్టకూడదో డాక్టరును అడిగి వెళ్లండి. ఫ్లేమెన్ మాత్రం ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చేస్తాడు, అది ఆగాల్సిన అవసరం లేదు.

పక్కింటావిడ భయాన్ని నేను కొట్టిపారేయను, పిచ్చి మన వైపు ఉన్న జబ్బే. కానీ దాని తీరు వేరు. పిచ్చి పట్టిన పిల్లి ఒక్క బ్యాగు దగ్గర నోరు తెరిచి, తర్వాత వచ్చి మామూలుగా అన్నం తినదు. ఉన్నట్టుండి స్వభావం మారిపోతుంది, కారణం లేకుండా మీద పడి కరుస్తుంది లేదా చీకట్లో దూరి రాదు. గొంతు మారుతుంది, మింగలేక చొంగ కారుతుంది, వెనక కాళ్లు పడిపోతాయి, రోజుల్లోనే చనిపోతుంది. మీవాడు నెల రోజులుగా ఇలాగే చేస్తూ ఆరోగ్యంగా ఉన్నాడు. అయినా ఏటా వేయించాల్సిన పిచ్చి టీకా వేయించారా? లేకపోతే ఆపరేషన్‌కు వెళ్లినప్పుడే అడిగి వేయించండి. పిల్లి పిల్లల్ని గీరినా కరిచినా సబ్బూ ధార నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు మనుషుల ఆసుపత్రిలో చూపించాలి, పిల్లి ఎంత మంచిదైనా సరే.

అత్తగారి అనుమానం తీరాలంటే తినేటప్పుడు చూడండి. పంటినొప్పి ఉన్న పిల్లి తల ఒక పక్కకు వంచి నములుతుంది, ముద్ద జారవిడుస్తుంది, మూతిని కాలితో గీరుకుంటుంది, నోరు కంపు కొడుతుంది. ఇవి లేవంటే పళ్లు బాగున్నట్టే.

నేను నిజంగా భయపడే నోరు తెరవడం వేరేది. ఏ వాసనా చూడకుండా, కూర్చున్నచోటే నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే అది ఫ్లేమెన్ కాదు. కుక్క రొప్పడం మామూలే, పిల్లి రొప్పడం మామూలు కాదు. ఎండదెబ్బ, ఉబ్బసం, గుండెజబ్బు, ఛాతీలో నీరు చేరడం, ఏదైనా కావచ్చు. మెడ ముందుకు చాచి, మోచేతులు బయటికి పెట్టి, పడుకోలేక కూర్చుంటుంది. చిగుళ్లు పాలిపోయినా నీలంగా మారినా క్షణం ఆగకుండా బుట్టలో పెట్టుకుని బయల్దేరండి. దారిలో బలవంతంగా నీళ్లు పట్టకండి.

చిమ్మడంలో కూడా ఒక తేడా తెలిసి ఉండాలి. మీవాడు ఇప్పుడు నిలబడి, తోక నిటారుగా పెట్టి వణికిస్తూ, కొంచెమే చిమ్ముతున్నాడు, అన్నం తింటున్నాడు. అది గుర్తు వేయడం. ఎప్పుడైనా కూర్చుని, మాటిమాటికీ ముక్కుతూ, చుక్క కూడా రాక అరుస్తుంటే మూత్రం దారి మూసుకుపోయిందన్నమాట. మగపిల్లుల్లో ఇది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రేపు చూద్దామనుకోవద్దు.

ఇక మీ వారికి చెప్పాల్సింది ఒక్కటే. పర్లాకిమిడి గదిలో ఒక మేకు కొట్టుకుని బ్యాగు దానికి తగిలించమనండి, నడుమెత్తు ఉంటే చాలు, నేల మీద మాత్రం వద్దు. ఇంటికొచ్చాక కూడా ఆ పాత మూలలో కాకుండా వేరే చోట, పైన తగిలించండి. ఆ మూలలో కొన్నాళ్లు మీవాడి అన్నం గిన్నె పెట్టండి, తినే చోట పిల్లి సాధారణంగా చిమ్మదు. బ్యాగు ఉతికాక వచ్చే మొదటి శనివారం వాడు దాని దగ్గర ఏం చేశాడో గమనించండి. ఒకసారి వాసన చూసి వెళ్లిపోయాడంటే మరక పోయినట్టే. మళ్లీ నోరు తెరిచాడంటే ముక్కు ఎక్కడ ఆనించాడో సరిగ్గా చూసుకోండి, అక్కడ ఇంకా మిగిలి ఉంది, ఆ చోటే మళ్లీ ఎంజైము నీళ్లు పట్టించండి. ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత కూడా చిమ్మడం ఆగకపోతే మూత్రం పరీక్ష చేయించి, ఆ కాగితంతో నాకు మళ్లీ రాయండి.